మొదటి పాపసంకీర్తనం, మొదటి దివ్యసత్ప్రసాదం: బిడ్డను సిద్ధం చేసే పద్ధతి

మొదటి సత్ప్రసాదం దగ్గరపడుతున్న కొద్దీ తల్లిదండ్రులు అడిగేవి చాలావరకు దుస్తుల గురించి, అతిథుల గురించి. పిల్లలు అడిగేవి వేరు. "ఫాదర్ కోప్పడతారా?" "నేను చెప్పింది అమ్మకు చెబుతారా?" "అప్పం నోట్లో అంటుకుంటే ఏం చేయాలి?" ఈ మార్గదర్శి పిల్లల ప్రశ్నల వైపు నిలబడి రాసింది. అందుకే పాపసంకీర్తనానికి ఎక్కువ చోటు ఇచ్చాను. బిడ్డ భయపడేదీ, పెద్దలు తెలియక చెడగొట్టేదీ ఎక్కువగా అక్కడే.

## 1. ముందుగా విచారణలో తేల్చుకోవలసినవి

శ్రీసభ చట్టం ప్రకారం ఏడేళ్లు నిండిన బిడ్డకు వివేచన వచ్చినట్లు భావిస్తారు. అయితే ఏడేళ్లు నిండితే చాలదు. క్రీస్తు రహస్యాన్ని తన వయసుకు తగినంతగా బిడ్డ గ్రహించాలి, సత్ప్రసాదాన్ని విశ్వాసంతో, భక్తితో స్వీకరించగలగాలి. సత్ప్రసాదానికి ముందు పాపసంకీర్తనం జరగాలి. ఈ వరుసను మార్చకూడదు.

తరగతులు ఎంతకాలం నడుస్తాయన్నది విచారణను బట్టి మారుతుంది. కొన్నిచోట్ల ఒక ఏడాది, కొన్నిచోట్ల రెండేళ్లు. కాబట్టి బిడ్డకు ఏడో ఏడు రాకముందే విచారణ గురువులను కలిసి అడగడం మంచిది.

అడగవలసినవి:

- తరగతులు ఎప్పుడు మొదలవుతాయి, ఎన్ని తప్పితే బిడ్డను తర్వాతి ఏడాదికి ఆపుతారు
- పాపసంకీర్తనం ఏ రోజు, సత్ప్రసాదానికి ఎన్ని రోజుల ముందు
- ఏ జపాలు కంఠస్థం రావాలి, ఏ పాఠంతో (మాటల్లో చిన్న తేడాలు ఉంటాయి)
- తల్లిదండ్రులకు విడిగా సమావేశాలు ఉన్నాయా
- దుస్తుల విషయంలో నియమాలు ఏమైనా ఉన్నాయా

జ్ఞానస్నానం వేరే విచారణలో జరిగి ఉంటే అక్కడి నుంచి ధ్రువపత్రం తెప్పించుకోవాలి. జ్ఞానస్నానాల పుస్తకం జరిగిన చోటే ఉంటుంది కాబట్టి ఆ విచారణ మాత్రమే ఇవ్వగలదు. దీన్ని చివరి నెలకు వదిలేయకండి. బిడ్డకు ఇంతవరకు జ్ఞానస్నానమే కాలేదంటే ఆ సంగతి మొదటి రోజే చెప్పండి. ఏడేళ్లు దాటిన బిడ్డకు ఇచ్చే సిద్ధపాటు వేరుగా ఉంటుంది.

మరో రెండు సంగతులు కూడా ముందే చెప్పాలి. బిడ్డకు గోధుమ పడకపోతే తక్కువ గ్లూటెన్ ఉన్న అప్పం వాడవచ్చు. గ్లూటెన్ పూర్తిగా తీసేసిన అప్పం మాత్రం దివ్యబలిపూజకు చెల్లదు. తక్కువ గ్లూటెన్ కూడా పడని బిడ్డ ద్రాక్షరసం రూపంలో మాత్రమే స్వీకరించవచ్చు. అదీ సంపూర్ణమైన సత్ప్రసాదమే. ఇక బిడ్డకు మాట రావడం ఆలస్యమైనా, నేర్చుకోవడం కష్టమైనా "మావాడి వల్ల కాదు" అని మీకు మీరే నిర్ణయించుకోకండి. ఏ విధంగా నేర్పితే వీలవుతుందో గురువులతో, ఉపదేశితో కూర్చుని మాట్లాడండి.

తల్లిదండ్రుల వివాహం విషయంలో చిక్కులున్నాయని బిడ్డను తీసుకురావడానికి వెనుకాడేవారు ఉన్నారు. మీ పరిస్థితి ఒక్కటే బిడ్డకు అడ్డు కాదు. వచ్చి మాట్లాడండి.

## 2. తరగతి పని, ఇంటి పని

వారానికి ఒక గంట తరగతిలో ఉపదేశి వివరించగలరు. అలవాటు చేయించలేరు. శ్రీసభ చట్టం కూడా ఈ సిద్ధపాటు బాధ్యతలో ముందుగా పేర్కొనేది తల్లిదండ్రులనే, ఆ తర్వాతే విచారణ గురువులను.

ఇంట్లో జరగవలసినవి నిజానికి మూడే.

ఒకటి, ప్రతి ఆదివారం పూజకు వెళ్లడం, బిడ్డను బలిపీఠం కనిపించే చోట కూర్చోబెట్టడం. పెద్దల వీపులు మాత్రమే చూసే బిడ్డకు పూజలో ఏం జరుగుతుందో ఎంత చెప్పినా అందదు. గురువు అప్పాన్ని పైకెత్తినప్పుడు చెవిలో ఒక్క మాట చెప్పండి: "ఇప్పుడు ఇది యేసు ప్రభువు శరీరం."

రెండు, జపాలు. పరలోక జపం, మంగళవార్త జపం, ఉత్తమ మనస్తాప జపం, విశ్వాస సంగ్రహం. వీటిని పరీక్షలా అప్పగించుకోవద్దు. రాత్రి కుటుంబ ప్రార్థనలో అందరూ కలిసి చెబితే కొన్ని వారాల్లో వాటంతట అవే వస్తాయి. మనస్తాప జపం మాత్రం ముందు నుంచే చేర్చండి. చాలా ఇళ్లలో రోజూ చెప్పేది కాదు కాబట్టి పిల్లలు తడబడేది దాని దగ్గరే.

మూడు, తల్లిదండ్రులు తాము పాపసంకీర్తనానికి వెళ్లడం. నాన్న వరుసలో నిలబడటం చూసిన బిడ్డకు భయం సగం తగ్గుతుంది. ఏళ్ల తరబడి వెళ్లనివారు బిడ్డ కన్నా కొన్ని వారాల ముందే వెళ్లి రండి.

జ్ఞానతల్లిదండ్రులను కూడా పిలవండి. కానుకతో సరిపెట్టకుండా ఒక సాయంత్రం బిడ్డతో కూర్చుని జపాలు చెప్పించమని అడగండి.

## 3. ఆత్మపరిశోధన నేర్పడం

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, అమ్మో నాన్నో పాపాల జాబితా రాసి ఇవ్వడం. "తమ్ముణ్ణి కొట్టావు కదా, అది చెప్పు. చదువుకోవడం లేదు కదా, అదీ చెప్పు." అప్పుడు బిడ్డ వెళ్లి చెప్పేది మీ ఫిర్యాదులు, తన పాపాలు కావు. మీరు ప్రశ్నలు నేర్పండి, జవాబులు బిడ్డ మనసులోనే ఉండనివ్వండి.

ప్రశ్నలు మూడు వైపులకు తిరగాలి:

- దేవునితో: ప్రార్థన చేశానా? పూజలో కావాలని అల్లరి చేశానా?
- ఇంట్లోవారితో: మాట విన్నానా? అబద్ధం చెప్పానా? కొట్టానా, తిట్టానా?
- బయటివారితో: ఇతరుల వస్తువు తీసుకున్నానా? ఎవరినైనా ఎగతాళి చేశానా, ఆటలో చేరనివ్వకుండా బాధపెట్టానా?

ఆ తర్వాత నేర్పవలసింది ఏది పాపం, ఏది కాదు అన్నది. ఎనిమిదేళ్ల పాప ఒకతె ఇలా గుర్తు చేసుకుందని అనుకుందాం: తమ్ముణ్ణి కొట్టింది. గాజు గ్లాసు చేయి జారి పగిలింది. హోంవర్క్ చేయకుండానే చేశానని అమ్మతో చెప్పింది. జ్వరం వచ్చి ఒక ఆదివారం పూజకు వెళ్లలేదు. స్నేహితురాలి రంగు పెన్సిల్ అడగకుండా తీసుకుంది, ఇంకా తిరిగి ఇవ్వలేదు. అక్కకు బహుమతి వచ్చినప్పుడు అసూయ కలిగింది, కానీ వెంటనే దాన్ని పక్కన పెట్టి అక్కను మెచ్చుకుంది.

గ్లాసు పగలడం ప్రమాదం, పాపం కాదు. జ్వరం వల్ల పూజకు వెళ్లకపోవడం పాపం కాదు. మనసులోకి వచ్చిన అసూయను ఆమె నిలవనివ్వలేదు, అది శోధన మాత్రమే. మిగిలినవి మూడు: కొట్టడం, అబద్ధం, పెన్సిల్. తెలిసి, కావాలని చేసినవి అవే. "తప్పు అని తెలుసా? తెలిసి కూడా కావాలనే చేశానా?" ఈ రెండు ప్రశ్నలు బిడ్డకు పట్టుబడితే చాలు, తర్వాత తానే విడదీసుకుంటుంది.

పెన్సిల్ విషయంలో ఇంకొక మెట్టు ఉంది. క్షమాపణ అడిగితే సరిపోదు, వస్తువు తిరిగి ఇవ్వాలి. పిల్లలు దీన్ని పెద్దల కన్నా తేలిగ్గా ఒప్పుకుంటారు.

చెప్పే తీరు కూడా నేర్పాలి. "తమ్ముడు నా బొమ్మ లాక్కున్నాడు, అందుకే కొట్టాను" అంటే సగం తమ్ముడి పాపం చెప్పినట్టవుతుంది. "తమ్ముణ్ణి కొట్టాను" అంటే చాలు. చిన్న పాపాలకు కచ్చితమైన లెక్క అక్కరలేదు, "చాలాసార్లు" అనవచ్చు. ఘోరమైన పాపాలకైతే ఏ రకం, ఎన్నిసార్లు అన్నది చెప్పాలి. ఈ వయసులో అలాంటివి అరుదు. కాబట్టి నరకం పేరు చెప్పి బిడ్డను బెదిరించకండి. భయంతో వచ్చిన బిడ్డ పాపాలు దాస్తుంది, లేనివి కల్పిస్తుంది.

ఒక సంగతి ప్రతి బిడ్డకూ సూటిగా చెప్పాలి: ఇతరులు నీకు చేసిన చెడు నీ పాపం కాదు. ఎవరైనా నిన్ను ఇబ్బందిపెట్టేలా తాకినా, "ఎవరికీ చెప్పవద్దు" అని బెదిరించినా అది దాచవలసిన రహస్యం కాదు, వెంటనే అమ్మానాన్నలకు చెప్పాలి. పాపసంకీర్తన రహస్యం గురువుకు సంబంధించిన కట్టుబాటు. గురువు ఏం చెప్పినా, ఏం చేసినా బిడ్డ నోరు మూసుకోవాలని దాని అర్థం కాదు.

## 4. పాపసంకీర్తనం, మొదటి నుంచి చివరి వరకు

ఒక వారం ముందు బిడ్డను గుడికి తీసుకెళ్లి ఆ స్థలాన్ని చూపించండి. ఎక్కడ మోకరించాలి, గురువు ఎక్కడ కూర్చుంటారు, జాలీ వెనుక నుంచి చెప్పవచ్చా, ఎదురుగా కూర్చుని చెప్పవచ్చా అన్నది ముందే తెలియాలి. రెండూ వీలయ్యే చోట బిడ్డనే ఎంచుకోనివ్వండి. స్థలం ఇతరులకు కనిపించేలా, మాటలు మాత్రం వినిపించకుండా ఉండాలి.

పైన చెప్పిన పాప లోపలికి వెళ్లిందనుకుందాం. వరుస ఇలా ఉంటుంది.

1. మోకరించి సిలువ గుర్తు వేసుకుంటుంది.
2. మొదలుపెడుతుంది: "ఫాదర్, నన్ను ఆశీర్వదించండి, నేను పాపం చేశాను. ఇది నా మొదటి పాపసంకీర్తనం."
3. పాపాలు చెబుతుంది: "తమ్ముణ్ణి చాలాసార్లు కొట్టాను. హోంవర్క్ చేయకుండానే చేశానని అమ్మతో అబద్ధం చెప్పాను. నా స్నేహితురాలి రంగు పెన్సిల్ అడగకుండా తీసుకున్నాను. వీటి కోసం, నేను మరచిపోయిన పాపాల కోసం దుఃఖపడుతున్నాను."
4. గురువు నాలుగు మాటలు చెబుతారు, ఒక ప్రాయశ్చిత్తం ఇస్తారు. ఉదాహరణకు: "పెన్సిల్ తిరిగి ఇచ్చేయమ్మా. తమ్ముడి కోసం ఒక పరలోక జపం చెప్పు."
5. ఉత్తమ మనస్తాప జపం చెబుతుంది.
6. గురువు చేయి చాచి పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున పాపాలు మన్నించే మాటలు పలుకుతారు. పాప "ఆమెన్" అంటుంది.
7. బయటికి వచ్చి, గుడిలోనే మోకరించి ఆ జపం చెబుతుంది. మర్నాడు బడిలో పెన్సిల్ ఇచ్చేస్తుంది.

ఇంట్లో దీన్ని రెండు మూడుసార్లు సాధన చేయించండి, కానీ కల్పిత పాపాలతో మాత్రమే. నాన్న గురువు స్థానంలో కూర్చుని బిడ్డ నిజమైన పాపాలు వినకూడదు. "నేను పొరుగువారి కిటికీ అద్దం పగలగొట్టి, నేను కాదని చెప్పాను" లాంటిది ఏదైనా ఇవ్వండి, చెప్పే తీరు అలవాటవుతుంది.

## 5. తడబాట్లు వస్తే

నోట మాట రాలేదు. "ఫాదర్, నాకు భయంగా ఉంది, సాయం చేయండి" అనే ఒక్క వాక్యం నేర్పి పంపండి. మిగిలింది గురువు నడిపిస్తారు.

మనస్తాప జపం మరచిపోయింది. కాగితం మీద రాసుకుని వెళ్లవచ్చు. అదీ లేకపోతే "ప్రభువా, నా పాపాలకు దుఃఖిస్తున్నాను, నన్ను క్షమించండి, ఇకపై చేయకుండా సాయం చేయండి" అంటే సరిపోతుంది. పాపాలు కూడా చీటీ మీద రాసుకోవచ్చు. ఆ చీటీని మీరు చదవకూడదు, తిరిగి రాగానే బిడ్డ చేతే చింపించాలి.

ఒక పాపం చెప్పడం మరచిపోయింది. మరచిపోయినది కూడా క్షమించబడింది. గుర్తొస్తే తర్వాతిసారి చెప్పుకోవచ్చు. కావాలని దాచడం మాత్రం వేరు, ఆ తేడా ముందే చెప్పండి.

బయటికి వచ్చి ఏడుస్తోంది. పక్కన కూర్చోండి, చేయి పట్టుకోండి. "ఏం చెప్పావు? ఫాదర్ ఏమన్నారు?" అని అడగకండి. ఇది ఆ రోజుకే కాదు, ఎప్పటికీ వర్తిస్తుంది. గురువు పాపసంకీర్తనంలో విన్నది ఎట్టి పరిస్థితుల్లోనూ బయటపెట్టకూడదు. అమ్మ అడిగినా చెప్పరు. ఆ మాట మీద బిడ్డకు నమ్మకం కుదిరాక మీరే గుచ్చిగుచ్చి అడిగితే, అది వమ్మవుతుంది.

పాపసంకీర్తనానికీ సత్ప్రసాదానికీ మధ్య కొన్ని వారాలు ఉంటే మంచిదని నా అభిప్రాయం. ముందురోజు సాయంత్రం హడావిడిగా జరిగితే అది బిడ్డ మనసులో పండుగకు ముందు దాటవలసిన అడ్డంకిలా మిగులుతుంది. ఆ మధ్యకాలంలో బిడ్డ మళ్లీ తమ్ముడితో పోట్లాడితే సత్ప్రసాదం ఆగిపోదు. ఘోరమైన పాపం ఉంటేనే మళ్లీ తప్పనిసరి. కావాలంటే ఇంకోసారి వెళ్లవచ్చు.

## 6. సత్ప్రసాదం స్వీకరించే సాధన

ముందు అవగాహన. "యేసయ్య గుర్తుగా ఇచ్చే రొట్టె" అని చెప్పకండి. చూడటానికి రొట్టెలా ఉంటుంది, నిజానికి అది క్రీస్తు శరీరం అని చెప్పండి. మామూలు ఆహారానికీ దీనికీ తేడా బిడ్డ తన మాటల్లో చెప్పగలిగితే ముఖ్యమైనది అందినట్టే.

తర్వాత చేతులు, నోరు. పూజలో పెట్టని మామూలు అప్పాలను ఉపదేశి ఇస్తారు, వాటితో సాధన చేయించండి. రుచి ముందే తెలియకపోతే పిల్లలు ముఖం చిట్లించవచ్చు, ఉమ్మేయాలని చూడవచ్చు.

నాలుక మీద స్వీకరించడం ఎక్కడైనా ఉన్న హక్కు. మేత్రాణులు అనుమతించిన ప్రాంతాల్లో చేతిలో కూడా స్వీకరించవచ్చు.

- నాలుక మీద: తల కొద్దిగా ఎత్తి, నోరు బాగా తెరిచి, నాలుక కింది పెదవి మీదికి చాపాలి. గురువు చేయి వెనక్కి వెళ్లేదాకా నోరు మూయకూడదు, ముందుకు వంగకూడదు.
- చేతిలో: కుడిచేతి వాటం ఉన్న బిడ్డ ఎడమ అరచేతిని పైన, కుడి అరచేతిని కింద ఉంచాలి. అప్పం అందాక కుడిచేత్తో తీసుకుని అక్కడే, గురువు ముందే నోట్లో పెట్టుకోవాలి. పట్టుకుని నడవకూడదు. అరచేతిలో తునకలు మిగిలాయేమో చూసుకోవాలి.

ముందు వంగి నమస్కరించాలి. గురువు "క్రీస్తు శరీరం" అంటారు, బిడ్డ స్పష్టంగా "ఆమెన్" అనాలి. "థాంక్యూ" అనే పిల్లలు ఉంటారు, అందుకే ఇది కూడా సాధన చేయాలి.

నమలవచ్చు, తప్పేమీ లేదు. అంగిలికి అంటుకుంటే వేలు పెట్టి తీయకుండా కాస్త ఆగితే మెత్తబడుతుంది. కింద పడితే బిడ్డ కదలకుండా నిలబడాలి, గురువే తీసుకుంటారు. ఏడవనక్కరలేదని ముందే చెప్పండి.

ఉపవాసం ఒక గంట, పూజ మొదలయ్యేదాకా కాదు, సత్ప్రసాదం స్వీకరించేదాకా లెక్క. నీళ్లు, మందులు తీసుకోవచ్చు. ఆకలికి కళ్లు తిరిగేలా ఉదయం నుంచి పస్తు ఉంచకండి. కొంచెం ముందుగా తినిపించి, ఆ తర్వాత మిఠాయి, చూయింగ్ గమ్ ఇవ్వకుండా చూసుకుంటే సరి.

## 7. దుస్తులు

తెలుపు జ్ఞానస్నానాన్ని గుర్తుచేస్తుంది. తెలుపే వేయాలని శ్రీసభ చట్టమేమీ లేదు, విచారణ చెప్పింది పాటించండి. ఎరువు తెచ్చుకున్న దుస్తులైనా ఒక్కటే. కొనే ముందు ఈ నాలుగు చూడండి:

- మోకరించి లేవగలదా, మెట్లు ఎక్కితే అంచు కాళ్లకు అడ్డుపడుతుందా
- చేతిలో స్వీకరించేటట్లయితే చేతి తొడుగులు వద్దు
- కొవ్వొత్తి పట్టుకుంటే ముసుగు, వేలాడే చేతులు మంటకు దూరంగా ఉంటాయా
- బూట్లు కనీసం రెండు ఆదివారాలు వేసి నడిచిందా

## 8. ఆ రోజు

చేతుల్లో ఉండే వస్తువులను తగ్గించండి. కొవ్వొత్తి, జపమాల, ప్రార్థన పుస్తకం అన్నీ ఒకేసారి ఇస్తే బిడ్డ ధ్యాస వాటి మీదే ఉంటుంది. స్వీకరించే వేళకు చేతులు ఖాళీగా ఉండాలి.

ఫోటోల గురించి ముందే గురువులను అడగండి. చాలాచోట్ల ఒకరినే అనుమతిస్తారు. తల్లిదండ్రులు ఫోను తీయకుండా బిడ్డ పక్కన ప్రార్థనలో ఉండాలి. అప్పం స్వీకరించే క్షణంలో "ఇటు చూడు" అని ఎవరూ పిలవకూడదు. కావలసిన ఫోటోలు పూజ తర్వాత తీసుకోవచ్చు.

కథోలికులు కాని బంధువులు వస్తుంటే, వారు సత్ప్రసాదం వరుసలోకి రారని ముందురోజే మర్యాదగా చెప్పండి. అక్కడికక్కడ చెబితే వారు నొచ్చుకుంటారు.

స్వీకరించి చోటికి వచ్చాక కొన్ని నిమిషాలు బిడ్డను కదిలించకండి. ఏం చెప్పుకోవాలో ముందే నేర్పండి: యేసు ప్రభువుకు స్వాగతం, కృతజ్ఞత, ఇంట్లో ఒక్కొక్కరి పేరున ఒక ప్రార్థన.

విందు మీ స్థోమతను బట్టి. అప్పు చేసి పెట్టవద్దు. ఎంత చిన్నదైనా భోజనానికి ముందు ప్రార్థన బిడ్డ చేతే చెప్పించండి, జ్ఞానతల్లిదండ్రులను పక్కన కూర్చోబెట్టండి. కానుకల్లో డబ్బు కన్నా తన సొంత జపమాల, ప్రార్థన పుస్తకం ఎక్కువ కాలం పనికొస్తాయి. అందిన డబ్బులో కొంత పేదవారికి ఇవ్వమంటే, ఎంత, ఎవరికి అన్నది బిడ్డే నిర్ణయించాలి.

## 9. తర్వాతి వారం

రెండో సత్ప్రసాదం తేదీని కూడా ఇప్పుడే క్యాలెండర్‌లో రాయండి: వచ్చే ఆదివారమే. ఆ రోజు తెల్ల దుస్తులు ఉండవు, అతిథులు ఉండరు, అందుకే చాలామంది పిల్లలు అక్కడే ఆగిపోతారు.

రెండో పాపసంకీర్తనానికి కూడా ఒక రోజు అనుకోండి. ఘోరమైన పాపాలను ఏడాదికి కనీసం ఒక్కసారైనా చెప్పుకోవాలన్నది శ్రీసభ నియమం. పిల్లలకు నెలకో, రెండు నెలలకో ఒకసారి అయితే మరచిపోకుండా ఉంటారు. "ఈ శనివారం నేను వెళుతున్నాను, నువ్వు వస్తావా?" అని అడగండి. వెళ్లమని పంపకండి, కలిసి వెళ్లండి.